పలుచటి తినేసోడా నీళ్ల pH: ఛార్జ్ బ్యాలెన్స్, మాస్ బ్యాలెన్స్‌తో లెక్క కట్టడం ఎలా

ఇంటర్ చదివిన ప్రతి ఒక్కరినీ ఒక్కసారైనా బోల్తా కొట్టించిన ప్రశ్న ఒకటుంది. 10⁻⁸ M HCl ద్రావణం pH ఎంత? పెన్ను వేగంగా నడిచేవాళ్లు 8 అని రాసేస్తారు. ఆమ్లం కలిపితే నీళ్లు క్షారంగా ఎలా మారాయని పక్కవాడు అడిగాక నాలుక కరుచుకుంటారు. కాస్త తెలివైనవాళ్లు నీటి నుంచి వచ్చే 10⁻⁷ ని కూడా కలిపి 6.96 అంటారు. అదీ సరైనది కాదు. ఆమ్లం H⁺ ఇచ్చినప్పుడు నీరు తన వంతు అయనీకరణాన్ని కొంచెం తగ్గించుకుంటుంది. అసలు జవాబు 6.98.

ఆ 6.98 రావడానికి కావలసింది ఒకే ఒక్క వాక్యం: ద్రావణంలో మొత్తం ధనావేశం, మొత్తం రుణావేశం సమానం. అంటే [H⁺] = [OH⁻] + [Cl⁻]. ఇందులో [Cl⁻] = 10⁻⁸, [OH⁻] = 10⁻¹⁴/[H⁺] అని పెడితే చిన్న వర్గ సమీకరణం మిగులుతుంది. దాన్ని సాధిస్తే [H⁺] = 1.05×10⁻⁷ వస్తుంది. ఎక్కడా ఉజ్జాయింపు లేదు, ఊహ లేదు.

ఇదే పద్ధతిని ఇంకాస్త మొండి లెక్క మీద మొదటి నుంచి చివరిదాకా నడిపిద్దాం. నేను తీసుకునేది 1.0×10⁻⁴ M సోడియం బైకార్బొనేట్, అంటే వంటింట్లో ఉండే తినేసోడానే, లీటరుకు 8.4 మిల్లీగ్రాములు. ఉష్ణోగ్రత 25 °C. ముందు సీసా నిండుగా పోసి, మూత బిగించి ఉందనుకుందాం. గాలి సంగతి తర్వాత చూద్దాం.

ఫార్ములా చెప్పేది 8.34

బైకార్బొనేట్ H⁺ ని ఇవ్వగలదు, తీసుకోగలదు. ఇలాంటి వాటికి పుస్తకాల్లో ఒక సులువైన ఫార్ములా ఉంటుంది: pH = ½(pK₁ + pK₂). కార్బానిక్ ఆమ్లానికి pK₁ 6.35, pK₂ 10.33. సగటు తీస్తే 8.34. ఇందులో గాఢత అన్న మాటే లేదని గమనించారా? 0.1 M కైనా, 10⁻⁴ M కైనా, 10⁻⁷ M కైనా ఇదే జవాబు ఇస్తుంది. దాదాపు మంచినీళ్లే అయిన ద్రావణానికి కూడా 8.34 అంటుందంటే అనుమానం రావాల్సిందే. ఈ ఫార్ములా ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో దాన్ని చూసి చెప్పలేం. అది పుట్టిన చోటికి వెళ్తేనే తెలుస్తుంది.

ముందు, సీసాలో ఏమేమి ఉన్నాయో రాయండి

సమీకరణాల జోలికి వెళ్లకముందే ఒక కాగితం మీద ద్రావణంలో జరిగే చర్యలన్నీ రాసుకోండి. తినేసోడా నీళ్లలో పూర్తిగా Na⁺, HCO₃⁻ గా విడిపోతుంది. ఆ తర్వాత నడిచే సమతాస్థితులు మూడు:

H₂CO₃ ⇌ H⁺ + HCO₃⁻  K₁ = 4.45×10⁻⁷

HCO₃⁻ ⇌ H⁺ + CO₃²⁻  K₂ = 4.69×10⁻¹¹

H₂O ⇌ H⁺ + OH⁻  Kw = 1.0×10⁻¹⁴

ఇక్కడ H₂CO₃ అని రాస్తున్నది నిజానికి నీళ్లలో కరిగిన CO₂, అసలైన కార్బానిక్ ఆమ్లం, రెండూ కలిపి. కరిగినదాంట్లో చాలా భాగం CO₂ గానే ఉంటుంది. K₁ విలువ కూడా ఆ మొత్తానికే ఇచ్చినది, కాబట్టి లెక్కలో తేడా రాదు.

ఇప్పుడు ద్రావణంలో ఉన్నవాటి జాబితా: Na⁺, H⁺, OH⁻, H₂CO₃, HCO₃⁻, CO₃²⁻. మొత్తం ఆరు. నీటిని లెక్కలోకి తీసుకోం, దాని గాఢత మారదు కాబట్టి. ఈ ఆరూ మనకు తెలియని విలువలే. జాబితాలో ఒక్కటి మర్చిపోయినా తర్వాతి లెక్కంతా తప్పు ద్రావణానికి చేసినట్టే. బైకార్బొనేట్ అనగానే CO₃²⁻ వైపు మాత్రమే చూసి H₂CO₃ ని వదిలేసేవాళ్లు చాలామంది.

ఛార్జ్ బ్యాలెన్స్

ఎడమవైపు ప్లస్సులన్నీ, కుడివైపు మైనస్సులన్నీ:

[Na⁺] + [H⁺] = [OH⁻] + [HCO₃⁻] + 2[CO₃²⁻]

కార్బొనేట్ ముందు ఆ 2 ఎందుకో తడబడేవాళ్లు ఉంటారు. ఇక్కడ మనం లెక్కపెడుతున్నది అయాన్లను కాదు, అవి మోసుకొచ్చే ఛార్జిని. ఒక మోల్ CO₃²⁻ వస్తే రెండు మోళ్ల రుణావేశం వచ్చినట్టు. ఒక్కో మనిషి రెండు సంచులు మోస్తున్నప్పుడు సంచుల లెక్క కావాలంటే మనుషుల సంఖ్యను రెండుతో గుణిస్తాం కదా, అంతే. ఛార్జి 3 అయితే ముందు 3 వస్తుంది. H₂CO₃ కి ఛార్జి లేదు కాబట్టి ఈ వరుసలో దానికి చోటు లేదు.

ఇంకో సంగతి. ఒక ద్రావణానికి ఛార్జ్ బ్యాలెన్స్ ఒక్కటే ఉంటుంది. సోడియానికొకటి, కార్బొనేట్‌కొకటి అని విడివిడిగా రాయకూడదు.

మాస్ బ్యాలెన్స్

మనం సీసాలో వేసిన పదార్థం ఏ రూపంలోకి మారినా, మొత్తం మాత్రం వేసినంతే ఉండాలి. F = 1.0×10⁻⁴ M వేశాం. సోడియం మారదు:

[Na⁺] = F

కార్బన్ మూడు రూపాల్లోకి పంచుకుంది:

[H₂CO₃] + [HCO₃⁻] + [CO₃²⁻] = F

ఇక్కడ CO₃²⁻ ముందు 2 పెట్టకూడదు. ఇప్పుడు లెక్కపెడుతున్నది కార్బన్ పరమాణువులను, ఒక్కో కార్బొనేట్‌లో ఉన్నది ఒక్క కార్బనే. ఛార్జ్ బ్యాలెన్స్‌లో రాసిన చెయ్యి ఆగకుండా ఇక్కడా 2 రాసేస్తుంది. పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువసార్లు కనిపించే తప్పు ఇదే. ప్రతి వరుస పక్కన "ఛార్జి", "కార్బన్" అని ఒక్క ముక్క రాసుకుంటే ఈ గొడవ పోతుంది.

H⁺ కో, OH⁻ కో మాస్ బ్యాలెన్స్ రాయాలని ప్రయత్నించకండి. నీటి నుంచి ఎంత వచ్చిందో, బైకార్బొనేట్ నుంచి ఎంత వచ్చిందో విడదీసి చెప్పడం కుదరదు. ఆ బాధ్యత Kw కీ, ఛార్జ్ బ్యాలెన్స్‌కీ వదిలేయండి.

లెక్క సరిపోయిందా?

తెలియనివి ఆరు. సమీకరణాలు: ఛార్జ్ బ్యాలెన్స్ ఒకటి, మాస్ బ్యాలెన్స్ రెండు, K లు మూడు. ఆరుకి ఆరు. ఇక్కడ అయిదే వస్తే ఏదో చర్యనో, మాస్ బ్యాలెన్స్‌నో మర్చిపోయారు. సోడియం వరుస మరీ తేలికగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కువగా జారిపోయేది అదే. ఏడు వస్తే ఒకే విషయాన్ని రెండు రకాలుగా రాశారని అర్థం. ఈ లెక్క సరిపోకుండా సాధించడానికి కూర్చుంటే గంట గడిచాక 0 = 0 అని తేలుతుంది. నాకు ఆ అనుభవం ఉంది.

ఇప్పుడు సాధించడం

ఆరు సమీకరణాలను చూసి భయపడనక్కర్లేదు. ఛార్జ్ బ్యాలెన్స్‌లో [Na⁺] ఉన్న చోట F పెట్టండి. తర్వాత ఆ F బదులు కార్బన్ వరుసలో ఉన్న మూడింటి మొత్తాన్ని పెట్టండి. రెండువైపులా [HCO₃⁻] కొట్టేసుకుంటుంది. ఒక [CO₃²⁻] కూడా పోతుంది. మిగిలేది:

[H⁺] + [H₂CO₃] = [OH⁻] + [CO₃²⁻]

ఈ వరుస దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఎడమవైపున్నవి ప్రోటాన్‌ను అందుకున్నవి, కుడివైపున్నవి ప్రోటాన్‌ను పోగొట్టుకున్నవి. ఇచ్చినవాళ్ల లెక్క, పుచ్చుకున్నవాళ్ల లెక్క సమానం. కొందరు దీన్ని నేరుగా ప్రోటాన్ బ్యాలెన్స్ అని రాసేస్తారు. నా సలహా మాత్రం ఛార్జి, మాస్ బ్యాలెన్స్‌ల నుంచి రాబట్టుకోమనే. నేరుగా రాస్తే తప్పు పట్టుకునే దారి ఉండదు.

ఇక [HCO₃⁻] ని B అనుకుని, K ల సాయంతో అన్నిటినీ [H⁺], B లలోకి మారుద్దాం. H₂CO₃ = [H⁺]B/K₁, CO₃²⁻ = K₂B/[H⁺], OH⁻ = Kw/[H⁺]. అంతా [H⁺] తో గుణించి సర్దితే:

[H⁺]² = (Kw + K₂B) / (1 + B/K₁)

ఇందాకటి సగటు ఫార్ములా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు కనిపిస్తుంది. పైన Kw ని వదిలేసి, కింద 1 ని వదిలేస్తే, B లు కొట్టేసుకుని [H⁺]² = K₁K₂ మిగులుతుంది. అదే ½(pK₁ + pK₂). కాబట్టి ఆ ఫార్ములా నిలబడాలంటే K₂B అనేది Kw కంటే బాగా పెద్దదై ఉండాలి, B అనేది K₁ కంటే బాగా పెద్దదై ఉండాలి.

మన ద్రావణంలో చూద్దాం. B దాదాపు 10⁻⁴. కింద B/K₁ = 225, కాబట్టి 1 ని వదిలేసినా ఫర్వాలేదు. పైన K₂B = 4.7×10⁻¹⁵. Kw ఎంత? 10×10⁻¹⁵. అంటే వదిలేసిన ముక్క ఉంచుకున్న ముక్కకు రెండింతలు! 8.34 తప్పని ఇక్కడే తేలిపోయింది. అదే 0.01 M అయితే K₂B విలువ Kw కి 47 రెట్లు ఉంటుంది, అప్పుడు ఫార్ములా వాడినా రెండో దశాంశం దాకా ఇబ్బంది లేదు.

అంకెలు వేద్దాం. మొదటి విడతలో B = 1.00×10⁻⁴ అనుకుంటే:

[H⁺]² = (1.00×10⁻¹⁴ + 0.469×10⁻¹⁴) / 225.7 = 6.51×10⁻¹⁷

[H⁺] = 8.07×10⁻⁹, pH = 8.09.

B ని F కి సమానం అనుకున్నాం కదా, అది న్యాయమేనా? ఈ [H⁺] తో H₂CO₃ = 1.8×10⁻⁶, CO₃²⁻ = 5.8×10⁻⁷ వస్తాయి. రెండూ కలిపి F లో 2.4 శాతం. అంటే B నిజానికి 9.76×10⁻⁵. దాన్ని పెట్టి మళ్లీ చేస్తే [H⁺] = 8.13×10⁻⁹. pH అదే 8.09. ఇంకోసారి చేయనక్కర్లేదు. ఫార్ములా చెప్పిన 8.34 కి, దీనికి పావు యూనిట్ తేడా. [H⁺] లో చూస్తే అది దాదాపు 44 శాతం పొరపాటు.

జవాబును వెనక్కి పెట్టి చూడండి

చివర్లో ఆరు గాఢతలనూ రాసుకుని మొదటి ఛార్జ్ బ్యాలెన్స్‌లో పెట్టండి. సులువుగా ఉండడానికి అన్నీ మైక్రోమోలార్‌లో రాస్తున్నాను. ఎడమవైపు Na⁺ 100, H⁺ 0.008, మొత్తం 100.008. కుడివైపు OH⁻ 1.229, HCO₃⁻ 97.653, CO₃²⁻ 0.563 ని రెండింతలు చేస్తే 1.126. మొత్తం 100.008. సరిపోయింది.

ఈ పరీక్షలో ఒక చిక్కుంది. pH 8.10 పెట్టి చూస్తే కుడివైపు 100.09, ఎడమవైపు 100.01 వస్తాయి. తేడా వందలో 0.08 మాత్రమే. 8.34 పెట్టినా 102.2 కి 100.0, అంటే రెండు శాతం. మూడు సార్థక అంకెలతో లెక్కలు గుండ్రం చేసుకుంటూ పోయేవాళ్లకు 8.09 కి, 8.10 కి తేడానే కనిపించదు. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడాను వెతుకుతున్నాం కాబట్టి ఇలా అవుతుంది. చేత్తో చేసేటప్పుడు పెద్దవి కొట్టేసుకుపోయిన ప్రోటాన్ వరుసను వాడమనడానికి అసలు కారణం ఇదే. అక్కడ ఎడమవైపు 0.008 + 1.784, కుడివైపు 1.229 + 0.563. ఏది ఏమాత్రం తప్పినా వెంటనే తెలుస్తుంది.

కంప్యూటర్‌తో చేయాలంటే

కంప్యూటర్ దాదాపు పదిహేను సార్థక అంకెల దాకా నిలుపుకుంటుంది కాబట్టి దానికి ఛార్జ్ బ్యాలెన్స్‌నే నేరుగా ఇవ్వొచ్చు. B కోసం విడతలు వేయనక్కర్లేదు. కార్బన్ మాస్ బ్యాలెన్స్‌ను K లతో కలిపితే HCO₃⁻, CO₃²⁻ రెండూ [H⁺] లోనే వచ్చేస్తాయి. కింది కోడ్‌లో D తో భాగించేది అందుకే.

```python
K1, K2, Kw, F = 4.45e-7, 4.69e-11, 1e-14, 1e-4

def f(pH):
    H = 10**-pH
    D = H*H + K1*H + K1*K2
    return F + H - Kw/H - F*(K1*H + 2*K1*K2)/D

lo, hi = 0.0, 14.0
for _ in range(60):
    mid = (lo + hi)/2
    if f(mid) > 0:
        lo = mid
    else:
        hi = mid
print(round(mid, 2))
```

ప్లస్సుల్లోంచి మైనస్సులు తీసేస్తే ఎంత మిగులుతుందో f చెబుతుంది. pH తక్కువైతే ప్లస్సులు ఎక్కువ, pH ఎక్కువైతే మైనస్సులు ఎక్కువ. మధ్యలో ఒకే ఒక్క చోట సున్నా అవుతుంది. 0 నుంచి 14 వరకు ఉన్న దూరాన్ని సగం సగం చేసుకుంటూ ఆ చోటుని పట్టుకుంటున్నాం. 8.09 అని ప్రింట్ అవుతుంది.

ఎక్సెల్‌లో గోల్ సీక్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. తేడా 0.001 లోపు వస్తే చాలు, జవాబు దొరికేసిందని అది ఆగిపోయేలా సెట్టింగ్ ఉంటుంది. మన తేడాలన్నీ 10⁻⁶ దగ్గరే ఉన్నాయి. అంటే మీరు మొదట pH 7 అని పెట్టినా, 8.5 అని పెట్టినా అదే జవాబంటూ మురిసిపోతుంది. ఒక అబ్బాయి ఇలాగే మూడు ద్రావణాలకు వరసగా 7.00, 7.00, 7.00 తెచ్చి చూపించాడు. f ఉన్న సెల్‌ను 10¹⁰ తో గుణించండి, సమస్య తీరిపోతుంది. వెతకాల్సింది కూడా [H⁺] కోసం కాదు, pH కోసం. 10⁻⁹ పరిమాణంలో ఉన్న సంఖ్యను కదిలించడం గోల్ సీక్ వల్ల కాదు.

తినేసోడా బదులు బట్టల సోడా, అంటే Na₂CO₃ వేస్తే ఏం మారుతుంది? ఒక్క వరుసే: [Na⁺] = 2F. కోడ్‌లో return తర్వాత ఉన్న మొదటి F ని 2*F చేయండి. 10⁻⁴ M కి pH 9.87 వస్తుంది. క్షారాలకు వాడే √(KbF) అడ్డదారిలో వెళ్తే OH⁻ 1.46×10⁻⁴ వస్తుంది. వేసిన కార్బొనేటే 10⁻⁴ అయితే అంతకంటే ఎక్కువ OH⁻ ఎక్కడి నుంచి పుడుతుంది? మాస్ బ్యాలెన్స్ రాసినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర తప్పకుండా ఆగుతారు.

మూత తీస్తే

ఇప్పుడు ఆ సీసాలో ద్రావణాన్ని బీకర్‌లో పోసి, గాలికి వదిలి, pH మీటర్ పెట్టండి. ముందు 8.1 కి దగ్గరగా చూపించి, కలుపుతూ ఉంటే నెమ్మదిగా దిగుతూ పోతుంది. మీటర్ పాడైందని, బఫర్ పాతబడిందని క్యాలిబ్రేషన్ మళ్లీ మళ్లీ చేస్తుంటారు పిల్లలు. మీటర్‌ది తప్పేమీ లేదు. మారింది మాస్ బ్యాలెన్స్.

మూత ఉన్నంతసేపూ కార్బన్ మొత్తం F అని ధైర్యంగా రాశాం. గాలి తగిలాక CO₂ లోపలికీ రావచ్చు, బయటికీ పోవచ్చు. కాబట్టి ఆ వరుస చెల్లదు, కొట్టేయండి. సమీకరణాలు అయిదయ్యాయి. ఆరోది గాలే ఇస్తుంది. గాలిలో CO₂ ఇప్పుడు సుమారు 420 పీపీఎమ్, అంటే 4.2×10⁻⁴ అట్మాస్ఫియర్. 25 °C దగ్గర హెన్రీ స్థిరాంకం 0.034 M/atm. రెండూ గుణిస్తే:

[H₂CO₃] = 1.43×10⁻⁵ M

ద్రావణంలో ఏం జరిగినా ఇది మారదు, గాలి దీన్ని నిలబెడుతూ ఉంటుంది. మిగతా అయిదు వరుసలూ యథాతథం. ఛార్జ్ బ్యాలెన్స్‌లో Na⁺ 10⁻⁴, దానికి ఎదురుగా నిలబడేది దాదాపు అంతా HCO₃⁻ యే. కాబట్టి HCO₃⁻ ≈ 10⁻⁴ అని K₁ లో పెడితే [H⁺] = 4.45×10⁻⁷ × 1.43×10⁻⁵ / 10⁻⁴ = 6.4×10⁻⁸. pH 7.20. వదిలేసిన OH⁻, CO₃²⁻ లను మళ్లీ కలిపి చూసినా 7.20 నే.

ఒకే గాఢత, ఒకే సోడా. మూత ఉంటే 8.09, లేకపోతే 7.20. మూతపెట్టిన సీసాలో H₂CO₃ 1.8×10⁻⁶ మాత్రమే ఉంది, గాలి కోరేది 1.43×10⁻⁵. దాదాపు ఎనిమిది రెట్లు. అందుకే CO₂ లోపలికి వస్తుంది, pH పడుతుంది. అదే 0.1 M సోడా అయితే మూత కింద H₂CO₃ సుమారు 10⁻³ M ఉంటుంది, అప్పుడు CO₂ బయటికి పోయి pH పెరుగుతుంది. మీటర్ రీడింగ్ కదలకుండా ఉండే మధ్యస్థం సుమారు 1.3 మిల్లీమోలార్ దగ్గర వస్తుంది. కాబట్టి రీడింగ్ ఎటు జారుతోందో చూస్తే గాలి ఇస్తోందో, తీసుకుంటోందో చెప్పేయొచ్చు.

8.09 ని నిజంగా కొలిచి చూడాలంటే డిస్టిల్డ్ వాటర్‌ను బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడాలి. క్యాన్‌లో రోజుల తరబడి ఉన్న డిస్టిల్డ్ వాటర్‌లో అప్పటికే గాలి నింపిన CO₂ ఉంటుంది, 10⁻⁴ M సోడాతో పోలిస్తే అది చిన్న మొత్తం కాదు. 8.4 మిల్లీగ్రాములు తూచడానికి కూర్చోకండి. 0.84 గ్రాములు లీటరులో కరిగించి, అందులోంచి 10 మి.లీ. తీసి మళ్లీ లీటరు చేస్తే సరి.

ఈ లెక్క ఎక్కడిదాకా నమ్మాలి

K లలో నిజానికి ఉండాల్సింది గాఢతలు కాదు, యాక్టివిటీలు. మన ద్రావణం ఇంత పలుచన కాబట్టి ఒక్క ఛార్జి ఉన్న అయాన్లకు యాక్టివిటీ గుణకం 0.99 దగ్గర ఉంటుంది, pH లో వచ్చే మార్పు 0.01 లోపే. 0.1 M దగ్గర ఆ గుణకం 0.8 కంటే కిందికి పడుతుంది, అప్పుడు K లను సరిదిద్దాలి. సరిదిద్దాల్సింది K లను మాత్రమే. ఛార్జ్ బ్యాలెన్స్‌లోనూ, మాస్ బ్యాలెన్స్‌లోనూ యాక్టివిటీ గుణకాలు పెట్టకూడదు, ఎందుకంటే అక్కడ మనం అచ్చంగా అయాన్లను లెక్కపెడుతున్నాం. ఈ రెండూ కలిపేసి గందరగోళం చేసుకున్న లెక్కలు పీజీ రికార్డుల్లో కూడా చూశాను.

రెండోది ఉష్ణోగ్రత. మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో నీళ్లు 35 °C ఉండడం మనకు మామూలే. ఆ వేడి దగ్గర Kw 2.1×10⁻¹⁴, అంటే రెండింతలు. మన సమీకరణంలో పైన ఉన్న రెండు ముక్కల్లో పెద్దది Kw యే కాబట్టి 25 °C విలువ పెట్టి వచ్చిన 8.09 ని 35 °C రీడింగ్‌తో పోల్చకూడదు. K₁, K₂ కూడా వేడితో మారతాయి, మూడూ ఒకే ఉష్ణోగ్రతవి ఉండాలి. మీటర్‌లో ఉండే ఉష్ణోగ్రత సవరణ ఎలక్ట్రోడ్ వాలును మాత్రమే సరిచేస్తుంది, ద్రావణంలోని సమతాస్థితులను 25 °C కి తీసుకురాదు.